ఫ్రైడ్ రైస్ డబ్బాలో నూనె ఎంత?

మా చెల్లికి ఆరు నెలల కిందట షుగర్ బయటపడింది. తిన్నదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకుని నెలకోసారి తెచ్చి చూపించమని ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలు చెప్పారు. చెల్లి శ్రద్ధగా రాసింది. ఇడ్లీలు మూడు, చపాతీలు రెండు, పప్పు ఒక కప్పు, పెరుగు చిన్న గిన్నె. శనివారం రాత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వెజ్ ఫ్రైడ్ రైస్, పార్సిల్’ అని రాసి, ఎదుటి గడి ఖాళీగా వదిలేసింది. ఫోన్లో వెతికితే ఒకచోట 250 కేలరీలని, ఇంకోచోట 900 అని కనిపించిందట. “ఈ రెండింట్లో ఏది రాయనక్కా?” అని అడిగింది.

రెండూ తప్పు కాకపోవచ్చు. మొదటిది ఒక కప్పుకు, రెండోది ఒక డబ్బాకు అయి ఉంటుంది. కానీ చెల్లి తిన్నది ఏ కప్పో, ఏ డబ్బానో ఫోనుకు తెలియదు. కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్ళు, పదీ అంతకు మించి శాఖలున్న సంస్థలు మెనూ మీద కేలరీలు చూపాలని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. మా వీధి చివర ఉన్న ఫాస్ట్ ఫుడ్ సెంటర్‌కి అది వర్తించదు. అక్కడ మాస్టర్ చేతివాటమే కొలత. ఏ రాత్రి ఎంత నూనె పడిందో ఆయన కూడా రాసిపెట్టుకోడు.

అయినా లెక్క కట్టొచ్చు. వంటకం మన చేతిలో ఉంది. దాన్ని తూచొచ్చు, విడదీయొచ్చు, కడగొచ్చు, మనమే వండి పక్కన పెట్టి పోల్చొచ్చు. తర్వాతి శనివారం అదే సెంటర్ నుంచి డబ్బా తెప్పించి, మా వంటింట్లో మేమిద్దరం చేసింది అదే. ఇక్కడ కేలరీ అంటే ఆహారం విషయంలో అందరూ వాడే అర్థంలోనే, కిలోకేలరీ.

ముందు తూకం

అందరూ నూనె గురించే మొదట అడుగుతారు. అసలు మొదట తెలియాల్సింది డబ్బాలో తిండి ఎన్ని గ్రాములుందో. అది తెలియకపోతే నూనె ఎంత బాగా అంచనా వేసినా ఉపయోగం లేదు. ఒక సెంటర్‌లో సింగిల్ అనేది ఇంకో సెంటర్‌లో ఇద్దరికి సరిపోతుంది. కప్పు లెక్క కూడా నమ్మలేం. అన్నాన్ని వదులుగా పోస్తే కప్పులో ఒక బరువు, గరిటెతో అదిమితే మరో బరువు పడుతుంది.

వంటింటి డిజిటల్ కాటా ఉంటే పని తేలిక. మూత, స్పూను, సాసు పొట్లం పక్కన పెట్టి డబ్బాను తూచాం. 512 గ్రాములు. తిన్నాక డబ్బా కడిగి ఆరబెట్టి తూస్తే 32 గ్రాములు. అంటే తిండి 480 గ్రాములు.

తర్వాత దీన్ని విడదీయాలి. డబ్బాలో పైన ఉన్నది తీసి చూస్తే మోసపోతాం. నూనె, సాసు కిందికి దిగుతాయి, కూరగాయ ముక్కలు ఒక మూలకు చేరతాయి. అందుకే మొత్తాన్ని పెద్ద పళ్ళెంలోకి వంచి, బాగా కలిపి, అందులోంచి 100 గ్రాములు తీసుకున్నాం. స్పూనుతో క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికం, ఉల్లికాడ ముక్కలన్నీ ఏరి పక్కన పెడితే 18 గ్రాములు తూగాయి. ఇంకో వంద గ్రాములు తీసి మళ్ళీ ఏరాం, దాదాపు అంతే వచ్చింది. ఈ లెక్కన డబ్బా మొత్తంలో కూరగాయలు సుమారు 86 గ్రాములు.

ఈ కూరగాయలకు వంద గ్రాములకు సగటున 30 కేలరీలు వేసుకోవచ్చు. 86 గ్రాములకు 26 కేలరీలు. సోయా సాసు, వెనిగర్, మిరియాల పొడి లాంటివన్నీ కలిపి 15 గ్రాములు అనుకుంటే వాటి వల్ల వచ్చేది ఓ పది కేలరీలు. ఈ రెండింటిలో సగానికి సగం తప్పినా లెక్క పెద్దగా కదలదు. మిగిలిన 379 గ్రాములు అన్నమూ నూనే. అసలు లెక్కంతా అక్కడే ఉంది.

అన్నంలో నీళ్ళ లెక్క

వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. ఉడికాక ఆ బియ్యం 250 నుంచి 300 గ్రాముల అన్నమవుతుంది. పెరిగిన బరువంతా నీరు, నీటిలో కేలరీలు లేవు. అందుకే మనం ఇంట్లో వండుకునే మెత్తటి అన్నానికి వంద గ్రాములకు 130 కేలరీల లెక్క వేస్తారు.

ఫ్రైడ్ రైస్ అన్నం అలా ఉండదు. మధ్యాహ్నమే ఒక పలుకు మీద వార్చి, పెద్ద పళ్ళేల్లో పరిచి ఆరబెడతారు. తర్వాత పెద్ద మంట మీద, వేడెక్కిన మూకుడులో ఎగరేస్తూ వేయిస్తారు. అప్పుడు ఇంకొంత నీరు ఆవిరైపోతుంది. నీరు తగ్గిన కొద్దీ గ్రాముకు కేలరీలు పెరుగుతాయి. అందుకని ఈ అన్నానికి వందకు 130 నుంచి 150 వరకు వేసుకోవాలి.

ఎటు వేసుకోవాలో వేళ్ళే చెబుతాయి. నాలుగు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూడండి. ముద్దలా మెత్తగా అణిగితే 130. మెతుకు విడిగా, గట్టిగా ఉండి, మధ్యలో కాస్త పలుకు తగిలితే 150. మాకు వచ్చినది రెండింటికీ మధ్య ఉంది కాబట్టి 140 తీసుకున్నాం.

నూనె కంటికి ఎందుకు చిక్కదు

ఒక గ్రాము నూనె తొమ్మిది కేలరీలు. అది పల్లీ నూనె అయినా, పొద్దుతిరుగుడు అయినా, పామోలిన్ అయినా ఇంతే. మంచూరియా వేయించగా మిగిలిన నూనెను మళ్ళీ వాడినా కేలరీల్లో తేడా రాదు. అది వేరే రకంగా ఆరోగ్యానికి చెడ్డది. ఒక టేబుల్ స్పూను, అంటే 15 మిల్లీలీటర్ల నూనె దాదాపు 14 గ్రాములు తూగి, 120 కేలరీలకు కాస్త పైనే ఇస్తుంది.

మనం పప్పులో తాలింపు వేస్తే నూనె పైకి తేలి కనిపిస్తుంది. ఫ్రైడ్ రైస్‌లో ఎక్కడా మడుగు కట్టదు. ప్రతి మెతుకు చుట్టూ పలచటి పొరగా అంటుకుంటుంది. డబ్బాలో వేల మెతుకులుంటాయి. వాటన్నిటి మీదా పరుచుకుంటే రెండు టేబుల్ స్పూన్ల నూనె ఒక మెరుపుగా మాత్రమే కనిపిస్తుంది. డబ్బా అడుగున స్పూనెడు నూనె పేరుకుని ఉందంటే, మెతుకులు పట్టుకోగలిగినంత పట్టుకుని, పట్టలేనిది వదిలేశాయని అర్థం. ఆ స్పూనెడే మొత్తం నూనె అనుకోవద్దు.

కంటిని మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. మూత లోపలి బొట్లు చూసి చాలామంది నూనె అనుకుంటారు. అది అన్నం ఆవిరి, నీళ్ళు. వేలితో తుడిచి రెండు వేళ్ళు రుద్దితే జారదు, కాసేపట్లో ఆరిపోతుంది. నల్ల సోయా సాసు వేసిన అన్నం నూనె తక్కువైనా నిగనిగలాడుతుంది. వేడిగా ఉన్నప్పుడు నూనె పలచబడి ఎక్కువ మెరుస్తుంది, చల్లారాక అదే అన్నం మందకొడిగా కనిపిస్తుంది.

కాగితం పరీక్ష కూడా సగమే నిజం చెబుతుంది. అన్నం పెట్టిన కాగితం తడిసిందంటే అందులో నీరూ ఉంటుంది, నూనే ఉంటుంది. ఒక పూట ఆరనిచ్చి వెలుతురుకు ఎత్తి చూస్తే నీటి మరక పోయి, నూనె మరక మాత్రం కాగితాన్ని పారదర్శకంగా చేసి నిలుస్తుంది. నూనె ఉందని దాని వల్ల తెలుస్తుంది గానీ ఎంత ఉందో తెలియదు.

ఇంకో సంగతి. ఆ అన్నంలోకి నూనె వచ్చే దారి ఒకటి కాదు. అన్నం వార్చాక మెతుకులు అతుక్కోకుండా కొందరు మాస్టర్లు అక్కడే ఒక గరిటెడు నూనె కలుపుతారు. తర్వాత మూకుడులో కూరగాయలకు నూనె పడుతుంది. అన్నం అడుగంటుతోందనిపిస్తే పక్కనుంచి మరికొంత పోస్తారు. కౌంటర్ దగ్గర నిలబడి చూసేవాళ్ళకు కనిపించేది నడిమి నూనె ఒక్కటే. చూసి వేసిన అంచనా ఎప్పుడూ తక్కువకు రావడానికి ఇదే కారణం.

కాబట్టి ఒక దారిని నమ్ముకోకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు దారుల్లో వెళ్ళాం.

మొదటి దారి: అడగడం

“ఒక ప్లేటులో ఎంత నూనె వేస్తారు?” అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. దాచాలని కాదు, ఆ కొలత వాళ్ళ దగ్గర లేదు. కానీ నూనె ప్యాకెట్లు కొనేవాళ్ళకు ఇంకో లెక్క బాగా తెలుసు. రద్దీ లేని సాయంత్రం ఆరింటికి వెళ్ళి మాస్టర్‌ని అడిగాను.

“మాస్టర్, ఒక లీటరు ప్యాకెట్ విప్పితే ఎన్ని ఫ్రైడ్ రైస్‌లు అవుతాయి?”

ఆయన ఆలోచించనక్కర్లేకుండా చెప్పాడు. “పాతిక అవుతాయక్కా. చెయ్యి పట్టి పోస్తే ముప్ఫై.”

“అందులోనే మంచూరియా కూడా వేయిస్తారా?”

“లేదు, దానికి వేరే మూకుడు, వేరే నూనె.”

“అన్నంలో కలిపేది?”

“అదీ ఈ ప్యాకెట్లోదే.”

ఈ రెండు ఎదురు ప్రశ్నలు తప్పకుండా అడగాలి. మంచూరియా, గోబీ 65 కూడా అదే నూనెలో వేయిస్తే భాగహారం పనికిరాదు. అన్నంలో కలిపే నూనె వేరే డబ్బాలోంచి వస్తే అది లెక్కలో తప్పిపోతుంది.

లీటరు ప్యాకెట్ మీద బరువు గ్రాముల్లో కూడా రాసి ఉంటుంది. సాధారణంగా 910 గ్రాములు. నూనె నీటికన్నా తేలిక కాబట్టి లీటరు కిలో తూగదు. ఆ 910ని ముప్ఫైతో భాగిస్తే 30 గ్రాములు, పాతికతో భాగిస్తే 36 గ్రాములు. మూకుడుకూ గరిటెకూ అంటుకుని పోయేది అందులో కొంచెం ఉంటుంది. ఒక ప్లేటు అంటే మాస్టర్ లెక్కలో పార్సిల్ డబ్బాయేనా అనీ అడిగాను. అవునన్నాడు.

ఈ దారి గొప్పదనం ఏమిటంటే ఇది ఒక్క రాత్రి చేతివాటం మీద ఆధారపడదు, పాతిక ప్లేట్ల సగటు ఇస్తుంది. దీని లోపం కూడా అదే. మన డబ్బాలో సగటుకన్నా ఎక్కువ పడిందో తక్కువ పడిందో చెప్పదు.

రెండో దారి: మనమే వండి పోల్చడం

కంటికి కొలత తెలియదు కానీ పోలిక తెలుసు. అందుకే ఇంట్లో మూడు చిన్న వాయిలు వండాం. అన్నం ఆరబెట్టింది, కూరగాయలు, సోయా సాసు మూడింటిలోనూ ఒకటే. నూనె మాత్రం కాటా మీద తూచి వేశాం. వండాక వంద గ్రాముల్లో మొదటిదానిలో మూడు గ్రాములు, రెండోదానిలో ఏడు, మూడోదానిలో పదకొండు గ్రాముల నూనె ఉండేలా చూశాం. మూకుడుకు అంటుకున్నదాన్ని కూడా అన్నంతోనే గీకి తీశాం.

మూడూ ఒకేలాంటి తెల్ల పళ్ళేల్లో, తెచ్చిన డబ్బాలోదాన్ని నాలుగో పళ్ళెంలో పెట్టి, అన్నీ చల్లారాక చూశాం. వేడివేడిదాన్ని చల్లారినదానితో పోల్చకూడదు.

మొదటి పళ్ళెంలో మెతుకులు మసకగా ఉన్నాయి, అక్కడక్కడ రెండు మూడు కలిసి అతుక్కున్నాయి. వేలికి జిడ్డు అంటీ అంటనట్టుగా ఉంది. రెండోదానిలో మెతుకులు విడివిడిగా మెరుస్తున్నాయి. అన్నం తీసేశాక పళ్ళెం మీద పలచటి జిడ్డు పొర మిగిలింది, వేలితో గీస్తే గీత పడింది. మూడోదాన్ని కాస్త వంచి అయిదు నిమిషాలు ఉంచితే అంచు దగ్గర నూనె చారగా చేరింది.

మేం తెచ్చిన డబ్బా రెండో పళ్ళేనికి దగ్గరగా ఉంది. వంచితే నూనె చార కట్టలేదు, పళ్ళెం మీద గీత మాత్రం పడింది. అంటే వందకు ఏడుకు అటూ ఇటూ. ఈ దారిలో అయిదుకూ తొమ్మిదికీ తేడా కచ్చితంగా చెప్పలేం. మూడు కాదు, పదకొండు కాదు అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. ఆ మూడు పళ్ళేలు కంట్లో ముద్ర పడితే తర్వాత ఏ సెంటర్ డబ్బా విప్పినా అది ఏ పళ్ళేనికి దగ్గరో తెలిసిపోతుంది.

మూడో దారి: కడిగి చూడడం

ప్రయోగశాలలో కొవ్వును సాక్స్‌లెట్ అనే పరికరంతో తీస్తారు. ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో రూపొందించిన పద్ధతి అది. ఆహారాన్ని ఆరబెట్టి, పొడి చేసి, పెట్రోలియం ఈథర్ లాంటి ద్రావకంతో గంటల తరబడి మళ్ళీ మళ్ళీ కడుగుతారు. కొవ్వంతా అందులో కరిగి వస్తుంది. ద్రావకాన్ని ఆవిరి చేసేస్తే మిగిలినది తూచుకోవడమే. ఆ ద్రావకాలు ఇట్టే అంటుకుంటాయి, వాటిని ఇంట్లోకి రానివ్వకూడదు. మనకు అందుబాటులో ఉన్నది వేడినీళ్ళు.

వంద గ్రాముల ఫ్రైడ్ రైస్‌ను జల్లెడ గిన్నెలో వేసి, కింద ఇంకో గిన్నె పెట్టి, బాగా మరిగిన నీళ్ళు ఒక గ్లాసుడు నెమ్మదిగా పోస్తూ స్పూనుతో మెల్లగా కలిపాం. మెతుకులు చితకకూడదు. చితికితే గంజి దిగి నూనెను తనలో పట్టుకుంటుంది. ఇంకో గ్లాసుడు వేడినీళ్ళు మళ్ళీ పోశాం. గిన్నెల సబ్బు చుక్క కూడా తగలకూడదు. సబ్బు తగిలితే నూనె నీళ్ళలో కలిసిపోయి ఇక పైకి తేలదు.

ఆ నీళ్ళను సన్నటి, పొడుగాటి గాజు గ్లాసులో పోసి గంటసేపు కదపకుండా ఉంచాం. వెడల్పు గిన్నెలో అయితే నూనె పొర మరీ పలచగా పరుచుకుని కొలతకు అందదు. గంజి అడుగుకు చేరింది, నూనె పైకి తేలింది. సూది లేని అయిదు మిల్లీలీటర్ల సిరంజితో ఆ పొరను లాగాం. అయిదుకు ఒక గీత తక్కువగా వచ్చింది.

ఇదే డబ్బాలోని నూనె అనుకుంటే పొరపాటే. వేడినీళ్ళు ద్రావకం కాదు, మెతుకులకు అంటుకున్న నూనెలో కొంత అలాగే ఉండిపోతుంది. ఎంత ఉండిపోతుందో తెలియాలంటే నూనె తెలిసిన అన్నాన్ని కూడా అదే పద్ధతిలో కడగాలి. ఇంట్లో వండిన రెండో వాయి ఉంది కదా. అందులో వందకు ఏడు గ్రాములు, అంటే ఏడున్నర మిల్లీలీటర్లకు పైగా నూనె ఉంది. అదే గ్లాసు, అన్నే నీళ్ళు, అంతే సేపు ఉంచితే సిరంజిలోకి వచ్చింది అయిదు మిల్లీలీటర్లు. మూడో వంతు అన్నంలోనే ఉండిపోయిందన్నమాట.

ఇంటి వాయిలో అయిదు వచ్చింది, తెచ్చిన డబ్బాలో అయిదుకు కాస్త తక్కువ వచ్చింది. కాబట్టి తెచ్చినదానిలోనూ వందకు ఏడు గ్రాముల దగ్గరే ఉండాలి. 480 గ్రాముల డబ్బాకు 33 లేదా 34 గ్రాములు. మాస్టర్ చెప్పిన ప్యాకెట్ లెక్క 30 నుంచి 36. కళ్ళు చెప్పింది ఏడుకు అటూ ఇటూ. మూడు దారులూ ఒకచోటే కలిశాయి.

ఈ పరీక్షలో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. నూనె పొరకూ నీళ్ళకూ మధ్య తెల్లటి నురగలాంటి పొర మిగిలితే దాన్ని కూడా నూనెగా కొలవకూడదు. అది నూనె, గంజి, నీరు కలిసినది. ఇంకో గంట ఆగితే చాలావరకు విడిపోతుంది. ఆగినా విడిపోకపోతే అన్నం చితికిందని అర్థం, కొత్తగా వంద గ్రాములు తీసుకుని మళ్ళీ కడగాలి.

మొత్తం కలిపితే

నూనె 34 గ్రాములు అనుకుందాం. కూరగాయలూ సాసులూ పోగా మిగిలిన 379లో ఈ 34 తీసేస్తే అన్నం 345 గ్రాములు. వందకు 140 చొప్పున అన్నం నుంచి 483 కేలరీలు. నూనె నుంచి 306. కూరగాయల నుంచి 26, సాసుల నుంచి 10. మొత్తం 825 కేలరీలు.

ఇంత చేసినా చెల్లిని 825 అని రాయనివ్వలేదు. అంత కచ్చితం మన దగ్గర లేదు. మెత్తటి అన్నం అయి వందకు 130 కేలరీలే అయితే, నూనె 25 గ్రాములే పడితే మొత్తం 720 దగ్గర ఆగుతుంది. గట్టి అన్నమై 150 పడి, నూనె 45 గ్రాములైతే 940 దాటుతుంది. అందుకే 830, అటూ ఇటూ 110 అని రాసుకోవడం నిజాయితీ. ఈ వెడల్పులో నూనె వాటా, అన్నంలో నీటి వాటాకు రెట్టింపుకు పైనే. పది గ్రాముల నూనె తప్పితే 76 కేలరీలు మారతాయి, ఎందుకంటే ఆ పది గ్రాములు అన్నం లెక్కలోంచే వస్తాయి. అన్నం 130కి బదులు 140 అయితే 35 కేలరీలు మారతాయి. అదే తూకం వేయకుండా డబ్బాను 350 గ్రాములనుకుని ఉంటే 220 కేలరీలు గల్లంతయ్యేవి. తూకమే ముందు అన్నది అందుకే.

ఈ లెక్కలో గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. డబ్బా బరువులో నూనె ఏడు శాతమే, కానీ కేలరీల్లో మూడో వంతుకు పైగా దానిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజు పళ్ళేనికి నూనెలు, కొవ్వులు 27 గ్రాములు చూపింది. ఒక్క డబ్బా పూర్తిగా తింటే ఆ రోజు కోటా దాటిపోయి, ఇంట్లో తాలింపుకు కూడా చోటుండదు.

చెల్లికి ఇంకో సంగతి ముఖ్యం. షుగర్ ఉన్నవాళ్ళు నూనె చూసి భయపడి అన్నాన్ని మరచిపోతారు. ఆ 345 గ్రాముల అన్నంలో పిండి పదార్థం 100 గ్రాములకు పైగా ఉంటుంది. నూనె తక్కువ వేయమని చెప్పి డబ్బా మొత్తం తింటే కేలరీలు తగ్గుతాయి గానీ ఆ వంద గ్రాములు అలాగే ఉంటాయి.

కాటా ఒక్కటే ఉంటే

ప్రతి శనివారం ఎవరూ అన్నం కడుగుతూ కూర్చోలేరు. ఒకసారి ఇదంతా చేశాక మాకు మిగిలిన చిన్న సూత్రం ఇది. తిండి బరువును గ్రాముల్లో తూచి, 1.7తో గుణించండి. వచ్చినది దాదాపు కేలరీలు. మెతుకులు మసకగా, మెత్తగా ఉంటే 1.5తో గుణించండి. పళ్ళెం వంచితే నూనె చార కడితే 2తో గుణించండి. ఇంట్లో రెండు టీ స్పూన్ల నూనెతో ఇంతే డబ్బాడు ఫ్రైడ్ రైస్ వండుకుంటే 1.3 చాలు, 480 గ్రాములకు 630 దగ్గర వస్తుంది.

ఈ అంకెలు వెజ్ ఫ్రైడ్ రైస్‌కే. పనీర్ ముక్కలు, మంచూరియా ఉండలు, వేయించిన జీడిపప్పు కలిస్తే వాటిని ముందే ఏరి విడిగా తూచి లెక్కించాలి. అవి తమ నూనెను తమలోనే దాచుకుని వస్తాయి, కడిగితే బయటికి రాదు. సెంటర్ మారినా, మాస్టర్ మారినా ప్యాకెట్ ప్రశ్న మళ్ళీ అడగాలి.

చెల్లి ఆ వారం డబ్బా విప్పగానే కాటా మీద పెట్టి, సగం తీసి పక్కన గిన్నెలో వేసి మూత పెట్టింది. మిగిలిన సగంతో పాటు పెరుగు, కీరా ముక్కలు తింది. పుస్తకంలో ‘వెజ్ ఫ్రైడ్ రైస్, 240 గ్రాములు, 360 నుంచి 470 కేలరీలు, నూనె సుమారు 17 గ్రాములు’ అని రాసింది. నిపుణురాలు ఆ వరుస చూసి, రోజు మొత్తం లెక్క వేయడానికి ఇది చాలన్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పుస్తకం రాస్తుంటే, పార్సిల్ ఎదుటి గడిని ఖాళీగా వదలనివ్వకండి. ముందు డబ్బాను తూచమనండి.